రెండు ఖాతాదారుల జాబితాలను కలిపేటప్పుడు అక్షరదోషాలున్న పేర్లను జతపరచడం: వేర్వేరు మనుషులు ఒకటైపోకుండా ఏం చేయాలి?

రాజాం_ఖాతాలు (సోమవారం ఉదయం)

సభ్యులందరికీ నమస్కారం. మా యజమానికి రాజాంలో ఒక ఎరువులు, విత్తనాల దుకాణం, చీపురుపల్లిలో మరొకటి ఉన్నాయి. రెండు చోట్లా వేర్వేరు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు నడిచాయి. ఇప్పుడు రెండింటి ఖాతాదారులనూ ఒకే జాబితాగా చేసే పని నాకు అప్పగించారు. రాజాం జాబితాలో 4,200 పేర్లు, చీపురుపల్లి జాబితాలో 2,900 పేర్లు ఉన్నాయి. పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాలలో, కౌంటరు మీద ఎవరికి తోచినట్టు వారు టైపు చేసినవే. ఒకే మనిషి ఒకచోట Lakshmi అనీ, మరొకచోట Laxmi అనీ కనిపిస్తారు.

నేను ఇంటిపేరునూ పేరునూ కలిపి ఒకే వరుసగా చేసి, రెండు పేర్లు ఎంత దగ్గరగా ఉన్నాయో 0 నుంచి 1 వరకు అంకెగా చెప్పే జారో–వింక్లర్ పోలికను నడిపి, 0.90 దాటిన జతలన్నింటినీ కలిపేశాను. నాలుగు రోజుల తరువాత ఒక రైతు కౌంటరు దగ్గరికి వచ్చి తాను ఎన్నడూ తీసుకోని యూరియాకు, పురుగుమందుకు 18,400 రూపాయల బాకీ తన పేరు మీద ఎందుకు ఉందని అడిగారు. చూస్తే, Reddi Appalaswamy అనే ఆయన బాకీని Reddi Appalanaidu అనే ఈయన ఖాతాలోకి నేనే చేర్చాను. (పేర్లు మార్చి రాస్తున్నాను.) ఆయన సౌమ్యంగానే మాట్లాడారు గానీ, పదేళ్లుగా మా దగ్గర సరుకు తీసుకుంటున్న మనిషి ముందు నేను తల ఎత్తలేకపోయాను. పాత ప్రతి ఉన్నందువల్ల మొత్తం వెనక్కి తిప్పగలిగాను. హద్దును 0.95కు పెంచితే ఈ పొరపాటు ఆగుతుందా? లేక పద్ధతే మార్చుకోవాలా?

గజపతినగరం శీను (సోమవారం ఉదయం)

ఎక్సెల్‌లో డేటా ట్యాబులో రిమూవ్ డూప్లికేట్స్ అని ఉంటుంది, ఒక్క నొక్కుతో అయిపోతుంది. మా ఫ్యాన్సీ దుకాణం జాబితాకు నేను అలాగే చేశాను, ఇబ్బంది ఏమీ రాలేదు.

రాజాం_ఖాతాలు (సోమవారం ఉదయం)

శీను గారూ, అది అక్షరం పొల్లు పోకుండా ఒకేలా ఉన్న వరుసలను మాత్రమే తీసివేస్తుంది. నా జాబితాల్లో ఒకే మనిషి పేరు రెండు చోట్ల రెండు రకాలుగా ఉంది. పైగా నేను తీసివేయవలసిందేమీ లేదు. రెండు చోట్ల ఉన్న బాకీలను సరైన మనిషి కిందకు చేర్చాలి.

చీపురుపల్లి మాస్టారు (సోమవారం మధ్యాహ్నం)

హద్దును పెంచడం, తగ్గించడం కాదు నాయనా, అక్షరాలను పోల్చడం మానేసి ఉచ్చారణను పోల్చాలి. సౌండెక్స్ అనే పాత పద్ధతి ఉన్నది. పేరులో మొదటి అక్షరాన్ని ఉంచి, తరువాతి హల్లులకు మూడు అంకెలు ఇస్తుంది. Lakshmi, Laxmi రెండింటికీ L250 అనే వస్తుంది. Appalanaidu కు A145, Appalaswamy కి A142 వస్తాయి. అంటే నీకు ఎదురైన రెండు చిక్కులూ ఒక్క దెబ్బతో తీరిపోయినట్టే. పాఠశాలలో హాజరు పట్టికలను సరిచూసేటప్పుడు నేను దీనినే వాడాను.

నాగావళి తీరం (సోమవారం రాత్రి)

మాస్టారు చెప్పిన అంకెలు సరైనవే. లక్ష్మి విషయంలో సౌండెక్స్ బాగా పనిచేస్తుందన్నదీ నిజమే. అయితే అది నాలుగు స్థానాల దగ్గర ఆగిపోతుంది, మన పేర్లు ఆగవు. Appalanarasamma కు కూడా A145 వస్తుంది కనుక అప్పలనాయుడు, అప్పలనరసమ్మ ఒకే గంపలో పడతారు. వెంకటరావు, వెంకటరమణ, వెంకటలక్ష్మి, వెంకటేశ్వర్లు అందరికీ V523 వస్తుంది, ఎందుకంటే వెంకట అనే భాగంతోనే మూడు అంకెలూ అయిపోతాయి. ఏ జతలను పరిశీలించాలో ఎంచుకోవడానికి సౌండెక్స్ పనికి రావచ్చును గానీ, ఎవరిని కలపాలో తేల్చడానికి పనికిరాదు.

ఇక రాజాం గారి అసలు ప్రశ్న. హద్దును 0.95 చేసినా ఆగదు. కారణం మీ రైతు కేసులోనే ఉంది కనుక కాస్త విడమరిచి చెబుతాను. నేను కాగితం మీద లెక్క వేసి చూశాను. Reddi Appalaswamy, Reddi Appalanaidu జతకు జారో–వింక్లర్ విలువ 0.91. Reddi Lakshmi, Reddi Laxmi జతకు 0.94. ఇంతవరకు చూస్తే రెండింటి మధ్య గీత గీయవచ్చుననిపిస్తుంది. కానీ Reddi Ramana, Reddi Ramani అనే జతకు 0.97 వస్తుంది. వేర్వేరు మనుషుల జత ఒకే మనిషి జత కంటే పైన కూర్చున్నప్పుడు, ఏ అంకె దగ్గర గీత గీసినా ఒక వైపు తప్పు జరిగి తీరుతుంది.

ఎందుకిలా జరుగుతుందంటే, జారో పోలికకు వింక్లర్ చేర్చిన మెరుగు ఏమిటో చూడాలి. ఆయన అమెరికా జనాభా లెక్కల సంస్థలో పనిచేసినవారు. టైపు చేసేవారు పేరు మొదట్లో తప్పులు తక్కువ చేస్తారన్న గమనింపుతో, మొదటి నాలుగు అక్షరాల వరకూ కలిస్తే అదనపు విలువ ఇచ్చారు. అక్కడి పేర్లకు అది సబబే. మనం ఇంటిపేరును ముందు రాస్తాం. ఒక ఊరిలో ఒకే ఇంటిపేరు ఉన్నవారు ఒక వీధి నిండా ఉంటారు కనుక, ఆ అదనపు విలువ వీధి మొత్తానికి ఉచితంగా దక్కుతుంది. ఇంటిపేరును తీసేసినా చిక్కు పోదు. అప్పల, వెంకట, సూర్య, సత్య, రామ అని మొదలయ్యే పేర్లే మన దగ్గర ఎక్కువ. ఇంటిపేరు లేకుండా లెక్క వేస్తే అప్పలస్వామి, అప్పలనాయుడు జతకు 0.85 వస్తుంది, Lakshmi, Laxmi జతకు 0.83 మాత్రమే వస్తుంది. మన పేర్లలో ఒక మనిషిని మరొకరి నుంచి వేరు చేసే భాగం చివర ఉంటుంది: నాయుడు, స్వామి, రావు, అమ్మ, అయ్య. మీరు వాడిన కొలత మాత్రం మొదలునే నమ్ముతుంది.

చీపురుపల్లి మాస్టారు (సోమవారం రాత్రి)

వెంకట పేర్లన్నీ ఒకటైపోతాయన్నది నేను గమనించలేదు. నా హాజరు పట్టికలో తరగతికి నలభై మందే ఉండేవారు కనుక అది బయటపడలేదు కాబోలు.

బొబ్బిలి వీణ (మంగళవారం ఉదయం)

మాది పాల సేకరణ కేంద్రం. మా జాబితాలో పేర్లు తెలుగు లిపిలోనే ఉన్నాయి కనుక Lakshmi, Laxmi బాధ లేదు. అయినా శ్రీనివాస్ అనే పేరు రెండు చోట్ల కంటికి ఒకేలా కనిపిస్తూ, కంప్యూటరుకు మాత్రం వేరుగా తోస్తున్నది. దీనికి కారణం ఎవరికైనా తెలుసా?

నాగావళి తీరం (మంగళవారం ఉదయం)

వీణ గారూ, ఒకదానిలో కంటికి కనబడని అక్షరం చేరి ఉంటుంది. తెలుగు కీబోర్డులు కొన్ని ఒత్తులను విడదీయడానికి U+200C అనే వెడల్పు లేని గుర్తును చొప్పిస్తాయి. రెండు పేర్లకూ పొడవు లెక్కపెట్టి చూడండి. తేడా వస్తే ఆ గుర్తును తొలగించి మళ్లీ పోల్చండి.

రాజాం_ఖాతాలు (మంగళవారం మధ్యాహ్నం)

నాగావళి గారికి కృతజ్ఞతలు. మరి మొదలును నమ్మకూడదంటే దేన్ని నమ్మాలి? నా దగ్గర పేరు, ఇంటిపేరు, తండ్రి లేదా భర్త పేరు (సగం మందికే), ఊరు, జిల్లా, ఫోను నంబరు ఉన్నాయి.

నాగావళి తీరం (మంగళవారం రాత్రి)

ముందుగా, పోలిక మొదలుపెట్టక మునుపే, వర్ణక్రమం వల్ల మాత్రమే వచ్చే తేడాలను తుడిచివేయాలి. ఇవి టైపింగు తప్పులు కావు, తెలుగు ధ్వనిని ఇంగ్లీషులో రాసే అలవాట్లు. అలవాటుకు ఒక క్రమం ఉంటుంది కనుక దానికి నియమం రాయవచ్చు. నేను వాడేది దాదాపు ఇలా ఉంటుంది:

```python
import re

def sadaram(s):
    s = re.sub(r"[^a-z]", "", s.lower())
    for a, b in [("x", "ksh"), ("ee", "i"), ("oo", "u"),
                 ("aa", "a"), ("w", "v"), ("th", "t"),
                 ("dh", "d"), ("py", "pai"),
                 ("nayudu", "naidu")]:
        s = s.replace(a, b)
    return re.sub(r"y$", "i", s)
```

దీనితో Laxmi, Lakshmee రెండూ lakshmi అవుతాయి. Appala Nayudu, Appalanaidu ఒకటవుతాయి. Pydithalli, Paiditalli ఒకటవుతాయి. ఇంటిపేరుకు ఒకసారి, పేరుకు ఒకసారి విడివిడిగా నడపండి. రెండింటినీ అతికించి ఒకే వరుసగా పోల్చవద్దు.

ఇక్కడ చాలామంది జంట హల్లులను కూడా ఒకటి చేసేస్తారు. నేను చేయను. అలా చేస్తే రమణ, రమణ్ణ ఒకే మనిషి అయిపోతారు.

ఈ సవరణ తరువాత ఒకే మనిషికి చెందిన జతలలో ఎక్కువ భాగం అక్షరం తేడా లేకుండా సమానమైపోతాయి. మిగిలిన కొద్దిపాటి జతలకే అస్పష్ట పోలిక అవసరం. అక్కడ నేను జారో–వింక్లర్‌ను వదిలేసి, ఎన్ని అక్షరాలు మారిస్తే ఒక పేరు మరొకటవుతుందో లెక్కించే ఎడిట్ దూరాన్ని వాడతాను. అప్పలస్వామికీ అప్పలనాయుడికీ మధ్య ఆ దూరం 5. దూరం 1 ఉన్నవాటినే పరిశీలనకు తీసుకుంటాను, కలపడానికి కాదు. తేడా పేరు మధ్యలో ఉంటే, ఉదాహరణకు Appalnaidu లో ఒక a జారిపోతే, అది వేలు జారడమే కావచ్చు. తేడా చివరి అక్షరంలో ఉంటే రమణ, రమణి వంటిది కావచ్చు కనుక ఆ జతను మనిషే చూడాలి. మధ్యలో వచ్చిన తేడా కూడా ప్రతిసారీ నిరపాయం కాదు, సూరమ్మ, సూర్యమ్మ అనే పేర్లను ఇంగ్లీషులో రాసి చూడండి.

రాజాం_ఖాతాలు (బుధవారం సాయంత్రం)

ఒక విచిత్రం గమనించాను. మీ సవరణ నడిపాక, పాత కొలతతోనే మళ్లీ చూస్తే అప్పలస్వామి, అప్పలనాయుడు జత విలువ 0.85 నుంచి 0.89కు పెరిగింది. సవరణ వల్ల తగ్గాలి కదా?

నాగావళి తీరం (బుధవారం రాత్రి)

తగ్గదు. చివరి y కాస్తా i అయింది కనుక నాయుడులోని i తో అది జత కుదిరింది. సవరణ అన్ని పేర్లనూ దగ్గరకు తెస్తుంది, వేర్వేరు మనుషులను కూడా. అందుకే సవరించిన తరువాత సమానత్వాన్ని అడగాలి గానీ, పాత హద్దును అలాగే ఉంచి పోలికను అడగకూడదు. మీరు దీన్ని స్వయంగా పట్టుకోవడం నాకు ఎంతో సంతోషంగా ఉంది.

పలాస జీడిపప్పు (బుధవారం రాత్రి)

ఇంత శ్రమ ఎందుకండీ? ఫోను నంబరు ఒకటే అయితే మనిషి ఒకటే. నంబరు మీద కలిపేస్తే పేరుతో పనే లేదు. మా జీడిగింజల కొనుగోలులో అలాగే చేస్తున్నాము.

రాజాం_ఖాతాలు (గురువారం ఉదయం)

నేను ఆ మాట నమ్మి చూశాను. రెండు జాబితాల్లోనూ ఒకే నంబరు ఉన్న జతలు చాలానే వచ్చాయి. ఒక్కొక్కటీ చదువుతూ పోతే, అందులో తండ్రీ కొడుకులు, భార్యాభర్తలు, ఒకచోట అన్నదమ్ములు ముగ్గురూ ఒకే నంబరు ఇచ్చినవారు ఉన్నారు. ఇంట్లో చదువుకున్న పిల్లవాడి నంబరునే అందరూ చెబుతారు. ఒక నంబరు అయితే ఏకంగా తొమ్మిది మందికి ఉంది. అది మా దుకాణం నంబరే. ఖాళీ వదిలితే బిల్లు ముందుకు కదలదని కౌంటరులో ఎవరో దానినే కొట్టారు.

నాగావళి తీరం (గురువారం మధ్యాహ్నం)

ఆ జతలన్నీ మీకు దొరికిన నిధి. వాటిని చేతితో చదివి, ఒకే మనిషి, ఒకే కుటుంబం అని రెండుగా గుర్తు పెట్టండి. మీ కౌంటర్ల దగ్గర ఏయే అక్షరాలు ఎలా మారుతున్నాయో ఆ మొదటి గుంపు చెబుతుంది, దాన్నిబట్టి నియమాలు చేర్చుకోవచ్చు. నియమాలు ఎవరిని తప్పుగా కలుపుతున్నాయో రెండో గుంపు చెబుతుంది. కొత్త నియమం చేర్చిన ప్రతిసారీ ఈ రెండు గుంపుల మీద నడిపి చూడండి. కుటుంబం గుంపులో ఒక్క జత కలిసిపోయినా ఆ నియమాన్ని వెనక్కి తీసుకోండి.

కలపడం విషయంలో నా పద్ధతి ఇది. సవరించిన ఇంటిపేరు, పేరు రెండూ సమానమై, ఫోను కూడా సమానమై, ఊరు గానీ తండ్రి పేరు గానీ అడ్డు చెప్పకపోతే యంత్రం కలపవచ్చు. ఆ అడ్డు చెప్పడం అన్నది ముఖ్యం. తండ్రి పేరు రెండు చోట్లా ఉండి, అవి స్పష్టంగా వేరైతే, మిగతావన్నీ కలిసినా కలపకూడదు. కానీ ఫోను వేరైనంత మాత్రాన మనిషి వేరని అనకూడదు, జనం సిమ్ములు మారుస్తుంటారు. పేరు, ఊరు కలిసి ఫోను లేకపోయినా, ఫోను కలిసి పేరులో ఒక అక్షరం తేడా ఉన్నా, ఆ జత మనిషి పరిశీలనకు వెళ్లాలి. మిగిలినవి విడిగా ఉండిపోవాలి. ఒకే మనిషి రెండు ఖాతాలుగా ఉండిపోతే రెండు రసీదులు రాస్తారు. ఇద్దరు ఒకే ఖాతా అయితే ఒకరి బాకీ మరొకరి నెత్తిన పడుతుంది. ఈ రెండు నష్టాలూ సమానం కావు.

ఇంకొక మాట. సమానమైన ప్రతి పేరుకూ ఒకే బరువు ఇవ్వవద్దు. సింహాచలం అప్పన్న, అరసవల్లి సూర్యనారాయణస్వామి దగ్గరలో ఉన్న మనకు అప్పలనాయుడు, సూర్యనారాయణ కలవడం పెద్ద సాక్ష్యం కాదు. మీ జాబితాలో రెండు మూడు సార్లే కనిపించే పేరు, అదే ఇంటిపేరుతో, అదే ఊరిలో మళ్లీ కనిపిస్తే అది బలమైన సాక్ష్యం. ఫెల్లెగి, సుంటర్ అనే ఇద్దరు 1969లో ఈ బరువుల లెక్కను సిద్ధాంతంగా రాశారు. మీకు సూత్రాలు అక్కరలేదు, ప్రతి పేరు పక్కన అది జాబితాలో ఎన్నిసార్లు వచ్చిందో ఒక నిలువు వరుస పెట్టుకుంటే పరిశీలించేటప్పుడు కన్ను దాన్ని చూస్తుంది.

రాజాం_ఖాతాలు (శుక్రవారం రాత్రి)

ఒక పొరపాటు చెప్పుకోవాలి. 4,200ను 2,900తో పోలిస్తే కోటీ ఇరవై ఒక్క లక్షలకు పైగా జతలు వస్తున్నాయి కనుక, ఒకే జిల్లాలో ఉన్నవారినే పోల్చమని పెట్టాను. సంతకవిటి వైపు రైతులు ఒక్కరూ జత కాలేదు. కారణం ఏమిటంటే, రాజాం జాబితాలోని పాత నమోదుల్లో జిల్లా శ్రీకాకుళం అని ఉంది. చీపురుపల్లి జాబితాలో 2022 ఏప్రిల్ తరువాత చేరినవారికి, రాజాం, సంతకవిటి మండలాలు జిల్లా మారాయి కనుక, విజయనగరం అని ఉంది. ఊరు మారలేదు, మనిషి మారలేదు, జిల్లా మాత్రమే మారింది.

నాగావళి తీరం (శుక్రవారం రాత్రి)

జిల్లాను పూర్తిగా వదిలేయండి. ఒక్క గంప మీద ఆధారపడకుండా మూడుసార్లు ఏరండి: ఒకసారి ఫోను సమానమైనవారిని, ఒకసారి సవరించిన ఇంటిపేరు సమానమైనవారిని, ఒకసారి ఊరు సమానమైనవారిని. మూడింటిలో ఏ ఒక్కదానిలో వచ్చినా ఆ జతను పోల్చడానికి తీసుకోండి. ఊరి పేర్లను మాత్రం అస్పష్టంగా పోల్చవద్దు. మన దగ్గర వలస, పేట అని ముగిసే ఊళ్లు ఎన్నో ఉన్నాయి కనుక ఆ చివరి భాగమే సగం పోలిక తెచ్చిపెడుతుంది. మీ రైతుల ఊళ్లు మహా అయితే రెండు వందలు ఉంటాయి, ఒక సాయంత్రం కూర్చుని చేతితోనే సరిచేయవచ్చు.

బొబ్బిలి వీణ (శనివారం ఉదయం)

మాకు మరో చిక్కు వచ్చింది. R Ramana అని పొడి అక్షరంతో ఒక నమోదు ఉంది. అది రెడ్డి రమణతోనూ కలిసింది, రేగిడి రమణతోనూ కలిసింది. చివరికి ముగ్గురూ ఒకటైపోయారు.

నాగావళి తీరం (శనివారం ఉదయం)

జతలు జతలుగా సరిగ్గానే కనిపించి, గొలుసుగా చేరినప్పుడు తప్పయ్యే సందర్భం ఇదే. పొడి అక్షరం ఉన్న నమోదును వంతెనగా వాడనివ్వకూడదు. గుంపు ఏర్పడిన తరువాత, అందులోని ప్రతి ఇద్దరినీ ఒకరితో ఒకరిని మళ్లీ పోల్చి, ఏ ఇద్దరికైనా పొసగకపోతే ఆ గుంపును విడదీసి పరిశీలనకు పంపండి. నలుగురికి మించిన గుంపు ఏదైనా కనిపిస్తే, నియమాలు ఏమి చెప్పినా ముందు అనుమానించండి.

రాజాం_ఖాతాలు (ఆదివారం రాత్రి)

మొత్తం మళ్లీ చేశాను. యంత్రం తనంతట కలిపినవి 1,140 జతలు, నేనూ కౌంటరు అబ్బాయీ రెండు సాయంత్రాలు కూర్చుని చూసినవి 260. ఆ 260లో 171 కలిపాము, 63 విడిగా ఉంచాము, 26 తేలలేదు. అప్పలస్వామి, అప్పలనాయుడు ఈసారి పరిశీలనకు కూడా రాలేదు, విడిగానే ఉన్నారు. పాత నమోదులను చెరపలేదు. పాత నంబరు, కొత్త నంబరు, ఏ నియమం కలిపింది, ఏ తేదీన అని వేరే పట్టికలో రాశాను కనుక ఒక్క జతను విడదీయాలంటే ఒక వరుస తీసేస్తే చాలు. యంత్రం కలిపిన వాటిలో వంద జతలను యాదృచ్ఛికంగా తీసి ఫోను చేసి కనుక్కుంటున్నాము. ఇప్పటికి యాభై నాలుగు అయ్యాయి, ఒక తప్పు దొరికింది. తాత పేరు మనవడికి పెట్టారు. ఇంటిపేరు, ఊరు, ఫోను అన్నీ ఒకటే. తండ్రి పేరు గడి రెండు చోట్లా ఖాళీ.

పలాస జీడిపప్పు (ఆదివారం రాత్రి)

మా జాబితాలోనూ తాతామనవళ్లు ఉండి ఉంటారు. నేను నంబరు మీద కలిపేశాను, పాత ప్రతి కూడా లేదు. ఇప్పుడు వారిని ఎలా వేరు చేయాలి?

నాగావళి తీరం (సోమవారం ఉదయం)

పలాస గారూ, పాత బిల్లు పుస్తకాలు ఉంటే తేదీల ప్రకారం విడదీయవచ్చు, లేకపోతే వారినే అడగాలి. రాజాం గారి తాతామనవళ్ల విషయంలో నా దగ్గర పూర్తి జవాబు లేదు. తండ్రి పేరు ఖాళీగా ఉన్న ప్రతి జతనూ పరిశీలనకు పంపితే మీ 260 కాస్తా ఏడెనిమిది వందలవుతుంది. బాకీ ఉన్న ఖాతాలకు మాత్రమే అలా చేసి, బాకీ లేనివాటిని వదిలేయడం ఒక మార్గం.

చీపురుపల్లి మాస్టారు (సోమవారం ఉదయం)

బాకీ లేనివాటిని వదలడం నాకు సమ్మతంగా లేదు. ఈరోజు బాకీ లేనివాడు రేపు ఖరీఫ్‌కు అప్పు తీసుకుంటాడు. అప్పటికి తాతా మనవడూ ఒకే ఖాతాలో ఉంటారు. రైతు మళ్లీ కౌంటరు దగ్గరకు వచ్చినప్పుడు తండ్రి పేరు అడిగి ఆ గడి నింపే వరకూ వారిని కలపకుండా ఉంచితే సరిపోదా?

రాజాం_ఖాతాలు (సోమవారం మధ్యాహ్నం)

మాస్టారు చెప్పినట్టు ఆ గడి నిండనిదే బిల్లు కదలకుండా పెట్టవచ్చును గానీ, అప్పుడు మళ్లీ ఎవరో ఏదో ఒక పేరు కొట్టేస్తారేమోనని భయంగా ఉంది, దుకాణం నంబరు కొట్టినట్టే. మిగిలిన నలభై ఆరు ఫోన్లు పూర్తి చేసి, ఇలాంటి జతలు ఇంకెన్ని వస్తాయో చూసి మళ్లీ రాస్తాను.